మీకు తెలుసా? సిలిండర్లో ఏ వాయువు నింపినా కార్నో లెక్క మారదు

వేడిని పనిగా మార్చే ఏ ఇంజనుకైనా దక్షతలో దాటలేని హద్దు ఒకటుంది. ఆ హద్దును నిర్ణయించేవి రెండు ఉష్ణోగ్రతలేననీ, లోపల పనిచేసే పదార్థానికి అందులో పాత్ర లేదనీ 1824లో ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో తేల్చాడు. అప్పటికతడికి 28 ఏళ్లు. వేడి అంటే ఒక రకం ద్రవమని నమ్మిన కాలం అది, కార్నో లెక్క కూడా ఆ నమ్మకం మీదే సాగింది. నమ్మకం తర్వాత కూలిపోయింది కానీ ఫలితం నిలిచింది. అదెలాగో ఒక మోల్ ఆదర్శ వాయువుతో చూద్దాం.

సిలిండర్లో హీలియంలాంటి ఏకపరమాణుక వాయువు ఉందనుకోండి. వేడి ఆశయం 600 కెల్విన్, చల్లని ఆశయం 300 కెల్విన్. మొదట వాయువు 600 దగ్గరే ఉంటూ 5 లీటర్ల నుంచి 10 లీటర్లకు నెమ్మదిగా వ్యాకోచిస్తుంది. ఉష్ణోగ్రత మారలేదు కనుక ఆదర్శ వాయువు అంతర్గత శక్తి కూడా మారదు. తీసుకున్న వేడంతా పనైపోతుంది. అది RT ln 2, అంటే సుమారు 3,458 జౌళ్లు.

ఇప్పుడు ఆశయాన్ని తప్పించి, వేడి రాకుండా పోకుండా కట్టడి చేసి, వ్యాకోచాన్ని కొనసాగించాలి. దీన్నే స్థిరోష్ణక వ్యాకోచం అంటారు. బయటి నుంచి వేడి రాదు కాబట్టి వాయువు తన అంతర్గత శక్తినే ఖర్చు పెట్టి పిస్టన్‌ను తోస్తుంది, చల్లబడుతుంది. TV^(γ−1) మారకూడదన్న నియమం ప్రకారం ఉష్ణోగ్రత సగమై 300కు దిగాలంటే ఘనపరిమాణం 2.83 రెట్లు కావాలి. అంటే 28.28 లీటర్లు.

మూడో మెట్టులో 300 దగ్గరే ఉంచి వాయువును నొక్కుతూ, వేడిని చల్లని ఆశయానికి వదలాలి. ఎక్కడ ఆపాలి? కిటుకంతా ఇక్కడే ఉంది. చివరి మెట్టులో మళ్లీ వేడి రాకపోకలు లేకుండా నొక్కి 600కు చేర్చినప్పుడు కచ్చితంగా 5 లీటర్ల దగ్గర తేలాలి. ఉష్ణోగ్రతల జత అదే కాబట్టి ఈ మెట్టులో కూడా నిష్పత్తి 2.83 రెట్లే. కనుక ఆపాల్సిన చోటు 14.14 లీటర్లు. తొందరపడి 15 దగ్గర ఆపితే చివరకు 5.3 లీటర్ల దగ్గర తేలుతాం, చక్రం మూసుకోదు.

28.28లో 14.14 సరిగ్గా సగం. మొదటి మెట్టులో ఘనపరిమాణం రెట్టింపైతే మూడో మెట్టులో సగమైంది. కాబట్టి వదిలిన వేడిలోనూ అదే ln 2 వస్తుంది. T మాత్రం 300. విలువ 1,729 జౌళ్లు. రెండు స్థిరోష్ణక మెట్లలో దాదాపు 3,741 జౌళ్ల పని ఒకసారి వచ్చి, ఒకసారి పోతుంది. నికర పనికంటే అది పెద్దదే, అయినా లెక్కలో పూర్తిగా కొట్టుకుపోతుంది. తీసుకున్న 3,458లో మిగిలిన పని 1,729. దక్షత 50 శాతం.

ఇప్పుడు హీలియం తీసేసి నైట్రోజన్ పెట్టండి. γ విలువ 5/3 నుంచి 7/5కు మారుతుంది. వాయువు 10 నుంచి ఏకంగా 56.57 లీటర్ల దాకా సాగాలి, తిరుగు దారిలో 28.28 దగ్గర ఆగాలి. సిలిండర్ పొడవు పెరిగింది, కానీ తీసుకున్న వేడీ, వదిలిన వేడీ మారలేదు. పోనీ, మొదటి మెట్టులో రెండు రెట్లకు బదులు మూడు రెట్లు వ్యాకోచింపజేస్తే? ln 2 స్థానంలో రెండు చోట్లా ln 3 వచ్చి కూర్చుంటుంది. భాగిస్తే కొట్టుకుపోతుంది. చివరికి మిగిలేది 1 − 300/600 ఒక్కటే.

ఇందులో విద్యార్థులు తరచూ జారే చోటు సెల్సియస్. 327, 27 డిగ్రీలను అలాగే సూత్రంలో పెడితే 92 శాతం వస్తుంది. అంత దక్షత కనిపిస్తే ముందు ఉష్ణోగ్రతల ప్రమాణం చూసుకోవాలి.

ఇంకో చిత్రం: వేడి ఆశయాన్ని 10 డిగ్రీలు పెంచితే దక్షత 50.8 శాతమే అవుతుంది, చల్లని ఆశయాన్ని 10 డిగ్రీలు తగ్గిస్తే 51.7 అవుతుంది. అయినా థర్మల్ కేంద్రాల ఇంజనీర్లు ఆవిరిని ఇంకా వేడెక్కించే దారులే వెతుకుతారు. ఎందుకంటే చల్లని కొస వాళ్ల చేతిలో లేదు, చుట్టూ దొరికే నీళ్లూ గాలీ ఎంత చల్లగా ఉంటే అంతే.