పాఠకుడి నోట వచ్చే ప్రశ్నలే శీర్షికలు

సమాచార హక్కు చట్టం, 2005 మీద నాలుగు పేజీల వ్యాసం ఉందనుకుందాం. దాన్ని ప్రశ్నలు, జవాబులుగా మార్చేవారు చాలామంది ఉపశీర్షికల చివర ప్రశ్నార్థకం తగిలించి ఊరుకుంటారు. ‘సెక్షన్ 7 ఏం చెబుతోంది?’ అని దరఖాస్తుదారు ఎవరూ అడగరు. ‘జవాబు ఎన్నాళ్లలో రావాలి?’ అని అడుగుతారు. శీర్షికగా పెట్టాల్సింది ఆ మాటే.

జవాబు మొదటి వాక్యంలోనే తేలిపోవాలి. వ్యాసంలో గడువు ఒక పేరాలో, మినహాయింపు మరో పేజీలో ఉంటే రెంటినీ ఒకచోటికి తేవాలి. అప్పుడు ఇలా తయారవుతుంది:

జవాబు ఎన్నాళ్లలో రావాలి?
దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోగా. దరఖాస్తును సహాయ పౌర సమాచార అధికారికి ఇస్తే గడువుకు మరో 5 రోజులు కలుస్తాయి.

ఆ 48 గంటల మాట వేరే ప్రశ్న కిందికి పోతే ఎంత నష్టమో చూడండి. పోలీసు నిర్బంధంలో ఉన్న మనిషి గురించి ఆరా తీస్తున్న కుటుంబం మొదటి జవాబు చదివి నెల రోజులు ఎదురుచూస్తుంది.

‘పైన చెప్పినట్టు’, ‘సదరు అధికారి’ లాంటి మాటలు తీసేయాలి. పాఠకుడు పైభాగం చదవకుండా తనకు కావలసిన ప్రశ్న దగ్గరికే వస్తాడు కాబట్టి, ‘మొదటి అప్పీలు ఎవరికి?’ అన్నచోట అధికారి హోదా పూర్తిగా రాయాలి. అదే కార్యాలయంలో పౌర సమాచార అధికారికి పైస్థాయి అధికారికి అని చెబితే సరిపోతుంది.

చట్టం వెనకున్న ఉద్యమ చరిత్ర మాత్రం ఈ అచ్చులో ఒదగదు. దాన్ని ముక్కలు చేయకుండా వ్యాసంగానే ఉంచాలి.