కొమ్మల్లో నికెల్, సందుల్లో రాగి

65 శాతం రాగి, 35 శాతం నికెల్ కలిపి కరిగిస్తే ద్రవంలో రెండూ ఏకమవుతాయి. చల్లారేటప్పుడే తేడా మొదలవుతుంది. సుమారు 1260 డిగ్రీల సెల్సియస్ దగ్గర పుట్టే తొలి ఘనకణంలో నికెల్ 46 శాతం దాకా ఉంటుంది. నెమ్మదిగా చల్లారితే అణువులు అటూ ఇటూ జరిగి ఆ తేడాను సరిచేస్తాయి. అచ్చులో అంత వ్యవధి ఎక్కడిది? ఘనంలో అణువుల కదలిక చాలా మందం. అందుకే చెట్టు కొమ్మల్లా పెరిగే స్ఫటికాల నడుమ నికెల్, చివరగా గడ్డకట్టే సందుల్లో రాగి ఎక్కువగా మిగిలిపోతాయి. ముక్కను నునుపు చేసి, ఆమ్లంతో తడిపి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ కొమ్మలు రంగు తేడాతో స్పష్టంగా కనిపిస్తాయి.

దీనికి మందు, ఘనస్థితిలోనే గంటల తరబడి కాచడం. పట్టే సమయం కొమ్మల మధ్య దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది: దూరం సగమైతే నాలుగో వంతు సమయం చాలు. కాబట్టి త్వరగా చల్లార్చిన పోతలో తేడా ఉన్నా, కొమ్మలు దగ్గరగా ఉండటంతో అది త్వరగానే పోతుంది. ఇది నాకెంతో నచ్చే విషయం. తొందరపడి వేడి పెంచితే మాత్రం ముప్పే. రాగి ఎక్కువున్న సందులు ముందే కరిగి, ముక్క అంచుల వెంట విడిపోతుంది. దిమ్మ పైభాగానికీ అడుగుకూ మధ్య ఉండే పెద్ద తేడాలను ఈ కాపు సరిచేయలేదు. అణువులు అంత దూరం పోలేవు.