ఆషాఢంలోనూ అందే జీతం

జాకెట్లు కుట్టే చిన్న దుకాణం ఒకటి అనుకుందాం. యజమానురాలు, ఇద్దరు పనివాళ్లు. మామూలు నెలలో 85,000 వస్తే గుడ్డ, లైనింగ్, కూలి, అద్దె, కరెంటు కలిపి 61,000 పోయి 24,000 మిగులుతుంది. పెళ్లిళ్లు ముమ్మరంగా ఉండే నాలుగు నెలల్లో ఆ మిగులు 42,000కు పెరుగుతుంది. ముహూర్తాలు లేని ఆషాఢం, భాద్రపదాల్లో అద్దె తగ్గదు కదా, 10,000 మిగిలితే గొప్ప.

చాలామంది పెళ్లిళ్ల నెలలో 40,000 ఇంటికి తీసుకెళ్లి, ఆషాఢంలో కూలి డబ్బుకు గాజులు తాకట్టు పెడతారు. అలాకాక ఏడాది మొత్తాన్ని ఒకేసారి చూడాలి. మిగులు అంతా కూడితే 3,32,000, అంటే నెలకు సుమారు 27,600. జీతం అంతకంటే బాగా తక్కువగా, 20,000 పెట్టుకోవాలి. మిషన్ల మరమ్మతు, పన్ను, ఎగవేసిన బాకీలు, అన్నీ ఆ తేడాలోంచే రావాలి.

జీతం మొదలుపెట్టే ముందు దుకాణం ఖాతాలో ఒక నెల ఖర్చు, దాదాపు 60,000, కదలకుండా ఉండాలి. పనివాళ్లకు శనివారం కూలి ఇవ్వాలి, కస్టమరు మాత్రం జాకెట్టు తీసుకెళ్లేటప్పుడే డబ్బిస్తుంది. మధ్యలో ఆ పదిహేను రోజులను మోసేది ఈ నిల్వే. అది చేరేదాకా 12,000తో సరిపెట్టుకుంటే మామూలు నెలలు ఐదింటిలో నిండుతుంది. ఆషాఢం వచ్చేసరికి 70,000 ఉంటే, ఆ నెల పూర్తి జీతం తీసుకున్నా 60,000 నిలుస్తుంది.

నిల్వను లెక్కేసేటప్పుడు అడ్వాన్సులు తీసేయాలి. ఖాతాలో 75,000 ఉన్నా, అందులో ఇంకా కుట్టని జాకెట్ల అడ్వాన్సు 25,000 అయితే ఉన్నది 50,000 మాత్రమే. కొత్త కస్టమరు అడ్వాన్సుతో పాత పనికి కూలి ఇస్తున్నారంటే జీతం ఎక్కువైందని అర్థం. లైనింగ్ షాపువాళ్లకు వాయిదాలు చెప్పడం మొదలైనా అంతే.

అద్దె, కూలి ఇచ్చేశాక, ప్రతి నెలా 5వ తేదీన కరెంట్ అకౌంట్ నుంచి ఇంటి ఖాతాకు జీతం పంపాలి. మధ్యలో గల్లాపెట్టెలోంచి కూరగాయలకు 200 తీసినా చీటీ రాసి, వచ్చే జీతంలో కోసుకోవాలి. నాకు తెలిసినంతలో లెక్క తప్పేది ఇక్కడే. జీతం ఇచ్చాక నిల్వ 60,000 కంటే తగ్గేలా ఉంటే ఆ నెల సగమే తీసుకోవాలి. ఇంటి ఖర్చు అంతకు దిగదనుకుంటే, ఇంట్లో వేరే ఆదాయం చూసుకోవలసిందే. ఆ దుకాణం ఒక్కటే ఆ కుటుంబాన్ని ఇంకా మోయలేదు.

సొంత దుకాణంలో ఈ జీతం ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చు కిందికి రాదు, సొంత వాడకమే. పన్ను మొత్తం లాభం మీదే పడుతుంది. కాబట్టి ఏడాది చివర మిగిలినదంతా బోనస్‌గా తీసేయకుండా, ముందు పన్ను డబ్బు పక్కన పెట్టాలి. నిల్వ 60,000 దాటి వరుసగా రెండు మందకొడి నెలలు గడిచాకే జీతం పెంచాలి, అదీ ఒకసారికి రెండు వేలకు మించకుండా.