గెడ్డ నీరే గెడ్డ నీటిని కొండెక్కిస్తుంది

వేగంగా నీళ్లు పారుతున్న పైపును ఠక్కున మూస్తే లోపల 'ఢబ్' మని చప్పుడు వస్తుంది. పరుగులో ఉన్న నీరు ఉన్నట్టుండి ఆగినప్పుడు దాని ఒత్తిడి క్షణకాలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంజనీర్లు దీన్ని వాటర్ హ్యామర్ అంటారు. పైపులు పగలగొట్టే ఈ దెబ్బనే పనికి పెట్టుకున్న యంత్రం హైడ్రాలిక్ ర్యామ్ పంపు. 1796లో దీన్ని తనంతట తానే నడిచేలా చేసినవాడు జోసెఫ్ మోంగోల్ఫియే. తమ్ముడితో కలిసి వేడిగాలి బెలూన్ ఎగరేసిన ఫ్రెంచివాడే ఆయన.

పాడేరు కొండల్లో ఒక గెడ్డ ఉందనుకుందాం. దాని నీటిని పది మీటర్ల ఇనుప పైపులో రెండు మీటర్ల దిగువనున్న పంపులోకి వదులుతాం. పంపుకున్న వేస్ట్ వాల్వ్ తెరిచి ఉంటుంది కాబట్టి మొదట నీరంతా బయటికి పోతుంది. పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. కాసేపటికి ఆ ప్రవాహమే వాల్వును లాగి మూసేస్తుంది. పైపులో వస్తున్న నీరు దారిలేక ఎదురుగా ఉన్న రెండో వాల్వును తోసుకుని గాలి గదిలోకి చొరబడుతుంది. గదిలోని గాలి నొక్కుకుపోయి, ఆ నీటిని నెమ్మదిగా కొండమీది తొట్టికి నెడుతుంది. ఇంతలో పైపులో ఒత్తిడి తగ్గి రెండో వాల్వు మూసుకుంటుంది, వేస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. నిమిషానికి యాభై అరవైసార్లు ఇదే తంతు.

నిమిషానికి 60 లీటర్లు పంపులోకి వస్తూ, తొట్టి 16 మీటర్ల ఎత్తున ఉంటే ఎన్ని నీళ్లు ఎక్కుతాయి? ఎత్తు ఎనిమిది రెట్లు కాబట్టి ఎనిమిదో వంతు, అంటే ఏడున్నర లీటర్లు. నష్టాలు పోగా అందులో 60 శాతం దక్కిందనుకుంటే నాలుగున్నర లీటర్లు. చూడ్డానికి తక్కువే గానీ రాత్రీపగలూ నడిస్తే రోజుకు దాదాపు 6,500 లీటర్లు. మిగతా నీరు తిరిగి గెడ్డలోకే పోతుంది.

పంపు చప్పుడే దాని ఆరోగ్యం చెబుతుంది. మెత్తగా 'టక్ టక్' మంటున్నది గట్టిగా, ఇనుము మీద సుత్తి పడ్డట్టు మోగితే గాలి గది నీటితో నిండిపోయినట్టే. గదిలోని గాలి కొద్దికొద్దిగా నీటిలో కరిగిపోతుంటుంది. ప్రతి దెబ్బకూ చిటికెడు గాలి పీల్చుకునేందుకు ఒక సన్నని రంధ్రం ఉంటుంది. అది పూడిపోతే ఈ తిప్పలు వస్తాయి. అసలు చప్పుడే లేదంటే వాల్వులో ఆకో పుల్లో ఇరుక్కుందేమో చూడాలి. శుభ్రం చేశాక, పైపైపులో తగినంత ఒత్తిడి చేరేదాకా వేస్ట్ వాల్వును చేత్తో పలుమార్లు నొక్కి వదలాలి. ఆపైన అదే అందుకుంటుంది. గెడ్డ నుంచి పంపుకు వచ్చే పైపు మాత్రం ఇనుపదే కావాలి. మెత్తని ప్లాస్టిక్ గొట్టం సాగి దెబ్బను మింగేస్తుంది.

నిలవ నీటి బావికి, వాలు లేని కాలువకు ఇది పనికిరాదు. పెట్టించాలనుకునేవారు ముందు నడివేసవిలో గెడ్డ దగ్గరికి వెళ్లి, 15 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. వానాకాలపు పారుదల చూసి పంపు కొంటే వేసవిలో అది ఆగిపోతుంది.