పని ఎంత, పైకం ఎంత, ఎప్పటికి

"మా దగ్గర 120 పేజీల శిక్షణ పుస్తకం ఉంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చేయాలి. ఎంతవుతుంది? ఎప్పటికి ఇవ్వగలరు?"

ఫ్రీలాన్స్ అనువాదకులకు కొత్త క్లయింటు నుంచి వచ్చే మొదటి మెయిల్ ఎక్కువగా ఇలాగే ఉంటుంది. "యాభై వేలవుతుంది, నెలలో ఇస్తాను" అని వెంటనే జవాబు రాసేయాలనిపిస్తుంది. తర్వాత వచ్చే గొడవలన్నీ ఆ జవాబులోనే దాగి ఉంటాయి. యాభై వేలు ఏయే పనికి? నెల ఏ రోజు నుంచి లెక్క? ఈ రెండింటికీ ఎవరి మనసులో ఉన్న జవాబు వారిది. ఆ తేడా పని సగంలో ఉండగా బయటపడుతుంది. దాన్ని మొదటి రోజే బయటపెట్టి తేల్చుకోవడానికే ప్రతిపాదన మెయిల్ రాస్తాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ, గ్రామాల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తల కోసం తయారు చేసిన పుస్తకాన్ని తెలుగులోకి తెప్పించుకోవాలనుకుంటోంది. ధర చెప్పే ముందు అనువాదకురాలు అడగాల్సింది ఫైలు. పేజీల లెక్క దేనికీ పనికిరాదు. బొమ్మలున్న పేజీలో 60 మాటలు ఉండొచ్చు, బొమ్మ లేని పేజీలో 450 ఉండొచ్చు. వర్డ్ ఫైలు తెరిచి లెక్క చూస్తే 18,400 మాటలు తేలాయనుకుందాం. లెక్క చూపే పెట్టెలో Include textboxes, footnotes and endnotes అన్న చోట టిక్కు ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే పక్క పెట్టెల్లోని మాటలు లెక్కలోకి రావు. టిక్కు ఉన్నా బొమ్మల లోపల అచ్చైన మాటలను వర్డ్ లెక్కపెట్టలేదు. ఈ పుస్తకంలో అలాంటి చార్టులు 14 ఉన్నాయి. వాటిని విడిగా లెక్కపెడితే ఇంకో 600 మాటలు. మొత్తం 19,000.

ఇప్పుడు మెయిల్ రాయొచ్చు. ఇలా ఉంటుంది:

"మేడమ్, నమస్కారం. మీరు పంపిన ఫైలు చూశాను. నాకు అర్థమైనంత వరకు ఈ పుస్తకం చదివేది పదో తరగతి దాకా చదువుకున్న ఆరోగ్య కార్యకర్తలు. కాబట్టి భాష పల్లెల్లో మాట్లాడే తీరుకు దగ్గరగా ఉండాలి.

నేను చేసే పని: చార్టుల్లోని మాటలతో కలిపి 19,000 ఇంగ్లీషు మాటల అనువాదం, ఒకసారి పూర్తి సరిచూత, మీ సూచనల మేరకు ఒక విడత సవరణలు. యూనికోడ్ తెలుగులో వర్డ్ ఫైలు ఇస్తాను. చార్టుల్లోని మాటలు విడిగా పట్టికలో ఉంటాయి. పేజీల కూర్పు, బొమ్మల్లో మాటలు మార్చడం ఇందులో లేవు. కూర్పు అయ్యాక ప్రూఫు చూడాలంటే పేజీకి 25 రూపాయలు.

రుసుము: ఇంగ్లీషు మాటకు 2 రూపాయల 50 పైసలు, మొత్తం 47,500 రూపాయలు. పని మొదలయ్యే ముందు 19,000, చివరి ఫైలు అందిన 15 రోజుల్లోగా 28,500. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కనుక పన్ను అదనంగా ఉండదు. మీరు టీడీఎస్ మినహాయిస్తే సర్టిఫికెట్ ఇవ్వగలరు.

గడువు: చివరి ఇంగ్లీషు ఫైలు, అడ్వాన్సు రెండూ అందిన మరుసటి పనిదినం నుంచి లెక్క. మూడు పనిదినాల్లో మొదటి అధ్యాయం, 60 ముఖ్య పదాల జాబితా పంపుతాను. వాటిపై మీ అభిప్రాయానికి మూడు రోజులు. ఆ తర్వాత 12 పనిదినాల్లో పూర్తి పుస్తకం.

ఇది మీకు సమ్మతమైతే 'అంగీకరిస్తున్నాం' అని ఈ మెయిల్‌కు జవాబివ్వండి. అదే రోజు అడ్వాన్సు బిల్లు పంపుతాను. ఈ ధర, ఈ గడువు 15 రోజుల వరకు వర్తిస్తాయి."

మెయిల్ అంతే, ఒక తెరలో చదివేయొచ్చు. కానీ ఇందులో ఊరికే పడిన వాక్యం లేదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది పని హద్దుల మీద. ఏం చేస్తామో రాయడం ఎవరికైనా వస్తుంది, ఏం చేయమో రాయడానికే మొహమాటం అడ్డొస్తుంది. తెలుగు అనువాదంలో ఆ మొహమాటం బాగా ఖరీదు పడేది కూర్పు దగ్గర. అనువాదకులు టైపు చేసేది యూనికోడ్‌లో. అచ్చుకు వెళ్లే పుస్తకాలను కూర్చే చాలా డీటీపీ కేంద్రాలు ఇప్పటికీ అను ఫాంట్లనే వాడుతున్నాయి. యూనికోడ్ అక్షరాలను అనులోకి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోవడం, గుణింతాలు పక్క అక్షరానికి అంటుకోవడం, అంకెలు మారిపోవడం మామూలే. ఇన్‌డిజైన్‌లో నేరుగా యూనికోడ్ పెట్టినా, భారతీయ లిపులకు పనికొచ్చే కంపోజర్‌ను ఎంచుకోకపోతే ఒత్తులు విడివిడిగా పడతాయి. సంస్థవారికి ఈ సంగతి తెలియదు. అచ్చుకాపీలో తప్పులు కనిపించగానే "అనువాదం తప్పులతడక" అంటారు. ఆరోగ్య పుస్తకంలో మాత్ర మోతాదు పక్కన అంకె మారితే అది అచ్చుతప్పుతో పోయే విషయం కాదు. అందుకే ప్రూఫు చూడడం విడి పని అని, దానికి విడి ధర అని రాసి పెట్టాలి. 120 పేజీలకు అయ్యేది 3,000 రూపాయలు. వద్దనుకుంటే మానేయొచ్చు, కానీ మానేస్తున్నామని తెలిసి మానేస్తారు. నేనైతే ఈ పుస్తకానికి తప్పక చూపించుకోమనే చెబుతాను.

సవరణల సంగతీ ఇలాంటిదే. క్లయింటు మార్పులు అడిగితే అందులో మూడు రకాలు కలిసి ఉంటాయి. అనువాదంలో తప్పు దొర్లితే ఎన్నిసార్లయినా ఉచితంగా దిద్దాలి, అది మన బాధ్యత. 'రక్తహీనత'కు బదులు 'రక్తం తక్కువగా ఉండడం' అనండి అన్నది వారి ఇష్టం, ఒక విడత సవరణ దీనికే. పని మొదలయ్యాక ఇంగ్లీషు పుస్తకంలో కొత్త పేరా చేర్చడం మాత్రం కొత్త పని, మాట లెక్కన రుసుము పడుతుంది. "ఒక విడత సవరణలు" అన్నచోట ఈ మూడింటినీ ఒక్కో వాక్యంలో విడదీస్తే ఇంకా మంచిది. మొదటి అధ్యాయాన్ని, పదాల జాబితాను ముందుగా పంపడంలో ఉన్న లాభం కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇష్టాయిష్టాలు 2,500 మాటల దగ్గరే బయటపడితే మిగతా పుస్తకమంతా తిరగరాసే పని తప్పుతుంది.

ఇక ధర. ఇంగ్లీషు మాటల లెక్కన అడగడానికి కారణం ఉంది. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కనుక అనువాదంలో మాటల సంఖ్య బాగా తగ్గుతుంది. తెలుగు మాటల లెక్క అయితే పని పూర్తయ్యేదాకా మొత్తం ఎంతో ఎవరికీ తెలియదు. ఇంగ్లీషు లెక్క అయితే మొదటి రోజే తేలిపోతుంది, సంస్థ బడ్జెట్‌లో రాసుకోవచ్చు. జీఎస్టీ మాట ఎందుకంటే, సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటనివారికి సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివారు బిల్లులో జీఎస్టీ వేయకూడదు కూడా. ఆ వాక్యం లేకపోతే, సంస్థ అకౌంట్స్ విభాగం నుంచి ఆ ఒక్క ప్రశ్నకే ఇంకో మెయిల్ వస్తుంది.

గడువులో తేదీ లేకపోవడం గమనించే ఉంటారు. "ఈ నెల 30కి" అని రాస్తే, అడ్వాన్సు పది రోజులు ఆలస్యమైనా 30వ తేదీ అలాగే నిలిచి ఉంటుంది. మన పది రోజులు మాత్రం పోతాయి. అనుభవమున్న అనువాదకులు ఇలాంటి పాఠాన్ని రోజుకు సుమారు 2,000 మాటలు చేయగలరు. మొదటి అధ్యాయం పోగా మిగిలిన 16,500 మాటలకు తొమ్మిది రోజులు, సరిచూతకు మూడు. ఆ పన్నెండూ మన చేతిలో ఉన్నవి. క్లయింటు అభిప్రాయానికి ఇచ్చిన మూడు రోజులు వారి చేతిలో ఉన్నవి. వారు ఎనిమిది రోజులు తీసుకుంటే పుస్తకం ఐదు రోజులు వెనక్కి జరుగుతుందని ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఇదంతా మెయిలే కదా, సంతకం లేదు కదా అని చాలామందికి సందేహం. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని 2000 నాటి ఐటీ చట్టంలోని 10ఎ సెక్షన్ చెబుతోంది. బాక్సైట్ సరఫరా విషయంలో ట్రైమెక్స్, వేదాంత సంస్థల మధ్య నడిచిన కేసులో 2010లో సుప్రీంకోర్టు కూడా మెయిళ్లలో ప్రతిపాదన, అంగీకారం స్పష్టంగా ఉంటే విడిగా సంతకాల పత్రం తయారు కాకపోయినా ఒప్పందం కుదిరినట్టేనని తీర్పునిచ్చింది. అందుకే చివరి పేరాలో "మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను" అనకుండా, 'అంగీకరిస్తున్నాం' అని రాయమంటూ చేయాల్సిన పని ఒక్కటే అడిగాం. "బాగుంది, మాట్లాడుకుందాం" అన్న జవాబు అంగీకారం కాదు. అది వచ్చాక పని మొదలుపెట్టకూడదు.

డబ్బు ఆలస్యమైతే? ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదైన ఫ్రీలాన్సర్లకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం కొంత అండ. రాతలో ఒప్పుకున్న గడువు ఎంతైనా అది 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. నమోదు ముందే ఉండాలి, గొడవ వచ్చాక పరుగెత్తితే పాత బిల్లుకు పనికిరాకపోవచ్చు. నమోదు ఉంటే ఆ నంబరును మెయిల్ చివర పేరు కింద రాస్తే చాలు.

జవాబు రాకపోతే నాలుగైదు రోజులకు ఒక చిన్న మెయిల్ పంపండి. అందులో ధర తగ్గించకండి. ఎక్కువగా వచ్చే జవాబు "మా బడ్జెట్ 30 వేలే" అన్నది. అప్పుడు మాట ధర దించితే, మొదట చెప్పిన 2 రూపాయల 50 పైసలు ఎందుకు చెప్పామో మనమే చెప్పుకోలేం. అదే ధరకు 30 వేలకు 12,000 మాటలు వస్తాయి. కాబట్టి ఇలా రాయండి: "మేడమ్, ఆ బడ్జెట్‌లో మొదటి ఆరు అధ్యాయాలు చేయగలను. గర్భిణుల సంరక్షణ, బాలింతలు, టీకాలు వాటిలో వచ్చేస్తాయి. చార్టులు, మిగతా అధ్యాయాలు మీకు నిధులు వచ్చాక అదే ధరకు చేస్తాను. ఈ పనికి గడువు 12 పనిదినాలు, అడ్వాన్సు 12,000."