పార్ట్ నంబరు చివర్లో ఉండాలి

బ్లౌజ్ కుట్టడం నేర్చుకునే అమ్మాయికి చేతులు అతికే దగ్గర చంకలో ముడత పడుతోంది. ఫోను తీసి యూట్యూబ్‌లో ఏమని కొడుతుంది? ‘బ్లౌజ్ హ్యాండ్స్ స్టిచింగ్’ అనో, ‘చంక దగ్గర ముడత’ అనో కొడుతుంది. ‘టైలరింగ్ క్లాస్ పార్ట్ 5’ అని మాత్రం కొట్టదు. ఆ ముడత ఎందుకొస్తుందో చక్కగా చూపించిన వీడియో పేరు అదే అయితే, ఆ పాఠం ఆమె కంటపడడం కష్టం.

పాఠాలను వరసగా చెప్పే చాలామంది ఎనిమిది వీడియోలకూ ఒకే పేరు పెట్టి చివరి అంకె మాత్రం మారుస్తారు. చెప్పేవారికి అది క్రమం. వెతికేవారికి ఆ ఎనిమిదీ ఒకేలా కనిపిస్తాయి. పైగా ఫోన్ తెరమీద పొడుగు టైటిల్ చివర తెగిపోతుంది కాబట్టి తేడా చెప్పే ఆ ఒక్క అంకె కూడా కనబడదు. యూట్యూబ్ టైటిల్‌కి నూరు అక్షరాల దాకా చోటిస్తుంది గానీ, చూసేవారి చూపు పడేది మొదటి కొన్ని మాటల మీదే. వెతుకులాటలో వీడియోను పైకి తెచ్చే వాటిలో టైటిల్, కింది వివరణ, వీడియోలో చెప్పిన విషయం వెతికిన మాటకు ఎంత సరిపోతున్నాయన్నది ముఖ్యం. ఎనిమిది టైటిళ్లూ ‘టైలరింగ్ క్లాసులు తెలుగులో’ అనే చెబితే, అవన్నీ ఆ ఒక్క మాట కోసమే ఒకదానితో ఒకటి పోటీపడతాయి. పైపింగ్ గురించి, కాజా పట్టీ గురించి వెతికేవారికి ఒక్కటీ అందదు.

అందుకని ఆ పాఠంలో చేతికొచ్చే పని పేరు ముందు రావాలి. సిరీస్ పేరు, అంకె చివరికి పోవాలి. లైనింగ్ బ్లౌజ్ పాఠాలనే తీసుకుందాం. మొదటిది ఆది బ్లౌజ్‌తో కొలతలు, తర్వాత వెనక భాగం కటింగ్, ముందు భాగం, చేతుల కటింగ్, ఐదోది చేతులు అతకడం. ఐదో పాఠం పేరు ఇలా మారుతుంది.

```
ముందు: టైలరింగ్ క్లాసులు తెలుగులో | బిగినర్స్ కోసం | పార్ట్ 5
తర్వాత: Blouse hands stitching | చంకలో ముడత రాకుండా చేతులు అతకడం | క్లాస్ 5
```

రెండో దాంట్లో ఇంగ్లీషు అక్షరాలు ఎందుకంటే, మనవాళ్లలో ఎంతోమంది తెలుగు మాటనైనా ఆ అక్షరాల్లోనే కొడతారు. చేతుల్ని ‘హ్యాండ్స్’ అనడం టైలరింగ్ నేర్పేచోట మామూలే. మీ పాఠానికి ఏ మాట వాడుకలో ఉందో తెలియాలంటే సెర్చ్ పెట్టెలో రెండు మాటలు కొట్టి ఆగండి. కింద జారే సూచనలు జనం వాడే మాటల్నే చూపిస్తాయి. మీ సొంత అలవాట్ల ప్రభావం వాటిమీద పడకుండా ఇన్‌కాగ్నిటో విండోలో చూడడం మంచిది.

అంకెను పూర్తిగా తీసేయకండి. మొదటినుంచీ నేర్చుకునేవారికి అది దారి. కాకపోతే ఆ వరసను మోసే పని ప్లేలిస్టుది. వివరణ మొదటి వరసలో ‘చేతుల కటింగ్ ముందు పాఠంలో ఉంది’ అని రాసి లింకు ఇస్తే చాలు. అంకె ముందుంటే ఇంకో నష్టం కూడా ఉంది. ‘పార్ట్ 5’ కనిపించగానే కొత్తవారు మిగతా నాలుగూ చూడకుండా ఇది అర్థం కాదేమో అనుకుని పక్కకు జరుగుతారు.

దీనికో షరతు ఉంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా పెద్దది. విడి పేరు పెట్టాలంటే పాఠం విడిగా నిలబడాలి. ఐదో వీడియో మొదటి నిమిషాలు ‘నిన్న చెప్పుకున్నాం కదా’ అంటూ గడిస్తే, ముడత కోసం వచ్చినమ్మాయి వెళ్లిపోతుంది. అలా వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్తుంటే టైటిల్ ఎంత బాగున్నా వీడియో పైన నిలవదు. కత్తిరించిన చేతి ముక్కలు, చంక వంపు ఒక్కసారి చూపించి, నేరుగా కుట్టులోకి వెళ్లాలి. ఒకే కటింగ్‌ను నిడివి కోసం మధ్యలో రెండుగా కోసినప్పుడు రెండో ముక్కకు విడి పేరు అతకదు. అక్కడ ఆ రెంటినీ ఒకే వీడియో చేయడమే మేలు.

పేర్లు పనిచేస్తున్నాయో లేదో యూట్యూబ్ స్టూడియోలో తెలుస్తుంది. ఒక్కో వీడియో అనలిటిక్స్‌లో చూసేవారు ఎక్కడినుంచి వచ్చారన్న చోట యూట్యూబ్ సెర్చ్ తెరిస్తే, వాళ్లు కొట్టిన మాటలు కనిపిస్తాయి. అన్ని పాఠాలకూ మీ ఛానల్ పేరు, సిరీస్ పేరే వస్తున్నాయంటే మిమ్మల్ని ముందే ఎరిగినవారే వస్తున్నారని అర్థం. ఒకదానికి పైపింగ్, మరోదానికి హుక్స్ పట్టీ అని వస్తే ప్రతి పాఠం తన దారిన తాను జనాన్ని తెచ్చుకుంటోంది.

పాత వీడియోల టైటిళ్లు మార్చినా లింకు మారదు, వచ్చిన వ్యూస్ పోవు. అయినా అన్నీ ఒక్కరోజే మార్చకండి. సెర్చ్ నుంచి అసలెవరూ రాని పాఠంతో మొదలుపెట్టి, కొన్ని వారాలు ఆ మాటల పట్టికను గమనించండి. ఇప్పటికే బాగా నడుస్తున్నదాని పేరు జోలికి పోవద్దు, అందులో అంకె ముందున్నా సరే.