దారిలో మాయమైన సరుకు: బీమా కంపెనీకి వెళ్లే మొదటి ఉత్తరం

లారీలో పంపిన సరుకు గమ్యానికి తక్కువగా చేరితే బీమా కంపెనీకి ముందుగా అందవలసింది క్లెయిమ్ నోటీసు. ఇది పరిహారం లెక్క కాదు. నష్టం జరిగిందని తెలిపి, చూడటానికి సర్వేయర్‌ను పంపమని కోరే ఉత్తరం మాత్రమే. కాబట్టి లెక్కలన్నీ తేలేదాకా దీన్ని ఆపి ఉంచితే వ్యాపారికే నష్టం. అంచనా మొత్తం వేసి, తుది బిల్లు తర్వాత పంపుతామని రాస్తే సరిపోతుంది.

గుంటూరు వ్యాపారి ఒకరు ఢిల్లీకి 300 టిక్కీల ఎండుమిర్చి పంపారనుకుందాం. టిక్కీకి 40 కిలోలు, క్వింటాలు 15,000 రూపాయలు అనుకుంటే సరుకు విలువ 18 లక్షలు. ఢిల్లీ గోదాములో దించి లెక్కపెడితే 258 టిక్కీలే తేలాయి. టార్పాలిన్ తాడు ఒకచోట కోసి ఉంది. పోయిన 42 టిక్కీల విలువ 2,52,000 రూపాయలు.

ఈ క్లెయిముకు ఆయువుపట్టు నోటీసు కన్నా ముందే, గోదాము గుమ్మం దగ్గర తయారవుతుంది. డ్రైవరు తెచ్చిన లారీ రసీదు మీద ఏమీ రాయకుండా సంతకం పెడితే సరుకంతా సవ్యంగా ముట్టిందని ఒప్పుకున్నట్టే. ‘258 టిక్కీలు మాత్రమే ముట్టాయి, 42 తక్కువ, తాడు కోసి ఉంది’ అని రసీదు మీదే రాసి, కింద డ్రైవరు చేత కూడా సంతకం చేయించాలి. అతను ఒప్పుకోకపోతే ఆ మాటా అక్కడే రాసి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు అదే రోజు తెలియజేయాలి. హమాలీలు తొందరపెడుతుంటే ఎక్కువమంది మరచిపోయేది ఈ ఒక్క పనే.

నోటీసులో పాలసీ నంబరు, లారీ రసీదు నంబరు, తేదీ, లారీ నంబరు, ఇన్‌వాయిస్ నంబరు, ఎక్కించిన లెక్క, దిగిన లెక్క, మిగిలిన సరుకు ఇప్పుడు ఎక్కడుందన్నది ఉండాలి. డ్రైవరే అమ్ముకున్నాడన్న అనుమానాలకు అందులో చోటు లేదు. చూసినదే రాయాలి. మిర్చి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. దారిలో ఎండి సహజంగా తగ్గే తూకానికి బీమా వర్తించదు. అందుకే నష్టాన్ని క్వింటాళ్లలో కాక టిక్కీల్లో చెప్పాలి. 42 టిక్కీలు ఎండకు ఆవిరైపోవు కదా.

నోటీసు చివర జతచేసిన కాగితాలను వరుస నంబర్లతో రాస్తారు. మొదటి రోజే చేతిలో ఉండేవి కొన్ని: పాలసీ నకలు, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఈ-వే బిల్లు, రాతతో ఉన్న లారీ రసీదు, ఫొటోలు. సర్వే రిపోర్టు, సరుకు తగ్గిందని ట్రాన్స్‌పోర్టు వాళ్లిచ్చే సర్టిఫికెట్, దొంగతనమైతే ఎఫ్‌ఐఆర్ నకలు, క్లెయిమ్ బిల్లు తర్వాత చేరతాయి. వీటిని కూడా జాబితాలో చూపించి, ఎదురుగా ‘తర్వాత పంపబడును’ అని రాయడం మంచిది. అలా చేస్తే రాని కాగితం ఏదో ఇద్దరికీ తెలుస్తుంది, లేని కాగితాన్ని జతచేశామని చెప్పిన చిక్కూ రాదు.

జాబితాలో తప్పక ఉండవలసిన ఇంకో కాగితం ట్రాన్స్‌పోర్టు కంపెనీకి రాసిన నష్టం నోటీసు నకలు. బీమా డబ్బు వస్తుంది కదా, వాళ్లతో గొడవెందుకని చాలామంది దీన్ని వదిలేస్తారు. కానీ బీమా కంపెనీ వ్యాపారికి డబ్బు చెల్లించాక, ట్రాన్స్‌పోర్టు వాళ్ల నుంచి రాబట్టుకునే హక్కు దానికి సంక్రమిస్తుంది. వ్యాపారి నోటీసు ఇవ్వకపోతే ఆ హక్కు చచ్చిపోతుంది. అప్పుడు క్లెయిములో కోత పెట్టడానికి, ఒక్కోసారి తిరస్కరించడానికి కూడా బీమా కంపెనీకి సాకు దొరుకుతుంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం 16వ సెక్షన్ ప్రకారం, సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇస్తేనే ట్రాన్స్‌పోర్టు కంపెనీ మీద దావాకు వీలుంటుంది. గడువు సరుకు దిగిన రోజు నుంచి మొదలవుతుందనుకోవడం పొరపాటు. రైల్లో పంపిన సరుకుకు 1989 రైల్వే చట్టం ఆరు నెలల గడువు పెట్టింది.

ఇంత చేసినా ఫలితం పాలసీ మీదే ఆధారపడుతుంది. దేశంలోపలి రవాణా పాలసీల్లో ‘ఏ’ క్లాజు ఉంటే దొంగతనం, సరుకు ముట్టకపోవడం కూడా అందులోకి వస్తాయి. ‘బి’ క్లాజు నిప్పు, పిడుగు, వంతెన కూలడం, లారీ ఢీకొనడం, బోల్తాపడటం లాంటివాటికే పరిమితం. గుంటూరు వ్యాపారి చవకని ‘బి’ తీసుకుని ఉంటే, కోసిన తాడు ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా ఆ 2,52,000 రావు.

‘ఏ’ ఉన్నవారికీ ఒక కాగితం దగ్గర బండి ఆగవచ్చు. తమ తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ట్రాన్స్‌పోర్టు వాళ్లు సర్టిఫికెట్ ఇవ్వకపోవడం మామూలే. అప్పుడు దాన్ని కోరుతూ పోస్టులో పంపిన ఉత్తరం నకలు, అది అందినట్టు పోస్టాఫీసు ఇచ్చే రుజువు జతచేసి, వాళ్లు ఇవ్వలేదని బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి.